సగటు పెరిగింది సరే, నేర్చుకున్నది ఎవరు?

కర్నూలు జిల్లాలో ప్రాథమిక పాఠశాలల టీచర్లు తమ తరగతి సమస్యను తామే పరిశోధించి రాసిన యాక్షన్ రీసెర్చ్ రిపోర్టులు చదివి మార్కులు వేసే పని నాకూ, రిటైరైన ఒక హెడ్‌మాస్టర్ గారికీ కలిపి అప్పగించారు. నేను జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆరో తరగతికి వచ్చే పిల్లలు కింది తరగతుల నుంచి ఏయే తప్పులు మోసుకొస్తారో ఏటా చూస్తుంటాను కాబట్టి, లెక్కల మీద వచ్చిన రిపోర్టులన్నీ నా వైపు జరిపారు. వాటిలో ఒకదాని గురించే ఇక్కడ రాస్తున్నా.

ఆదోని వైపు ఒక ఊళ్లో నాలుగో తరగతి చెప్పే ఎస్జీటీ సార్ రాసిన రిపోర్టు అది. పైకి చూస్తే మిగతావాటిలాగే ఉంది. స్పైరల్ బైండింగ్, అట్ట మీద పిల్లల ఫొటో, లోపల కృతజ్ఞతలు, ముందుమాట, పరికల్పన, రంగుల బార్ గ్రాఫ్. అయితే ఆయన చివర్లో పిల్లల జవాబు పత్రాల జిరాక్సులు కూడా పెట్టారు. చాలామంది పెట్టరు, మార్కుల పట్టికతో సరిపెడతారు. ఆ జిరాక్సులు లేకపోయి ఉంటే ఆ రిపోర్టు గురించి నాకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

మాకు ఇచ్చిన పట్టికలో నాలుగు అంశాలు ఉన్నాయి. సమస్య స్పష్టంగా ఉందా, దానికి ఏం చేశారు, మార్పు వచ్చిందనడానికి ఆధారం ఏమిటి, చేసిన పనిని టీచర్ నిజాయితీగా వెనక్కి తిరిగి చూసుకున్నారా. ఒక్కోదానికి 10 మార్కులు. నేను వరసగా మొదటి పేజీ నుంచి చదవను. ముందు జవాబు పత్రాలు, తర్వాత మార్కుల పట్టిక, ఆ తర్వాత టీచర్ రాసిన మాటలు చదువుతాను. మాటలు ముందు చదివితే కళ్లు వాటినే వెతుక్కుంటాయి.

శీర్షిక ఇలా ఉంది: "4వ తరగతి విద్యార్థులు గణితంలో వెనుకబడి ఉండుటకు గల కారణాలు – నివారణ చర్యలు." ఇలాంటి శీర్షికలు కట్టలో చాలానే కనిపించాయి. ఇది సమస్య కాదు, ఫిర్యాదు. సమస్య అంటే టీచర్ తన తరగతి గదిలో, కొన్ని వారాల్లో, తన చేతుల మీదుగా ఏదైనా చేయగలిగేది అయి ఉండాలి. పిల్లవాడి నోటుబుక్కు తెరిస్తే వేలు పెట్టి చూపించగలిగేదీ అయి ఉండాలి. లోపలి పేజీల్లో సార్ కొంత దగ్గరికి వచ్చారు, పిల్లలు తీసివేతలు సరిగా చేయలేకపోతున్నారని రాశారు. కానీ కారణాల దగ్గర మళ్లీ దూరం జరిగారు. తల్లిదండ్రులు చదువుకోలేదు, హాజరు తక్కువ, ఆసక్తి లేదు అని మూడు కారణాలు రాశారు. మూడూ నిజమే కావచ్చు. అయితే ఈ మూడింట్లో ఏదీ చదువు రాని అమ్మానాన్నల బిడ్డ 63 లోంచి 27 తీసేస్తే 44 అని ఎందుకు రాస్తాడో చెప్పదు.

ఆ 44 నాకు జిరాక్సుల్లో కనిపించింది. ముందు పరీక్షలో పది తీసివేతలు ఇచ్చారు. నాలుగు మామూలువి, ఆరు పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాల్సినవి. పరీక్ష రాసింది 22 మంది. అప్పు లెక్కల్లో చాలామందికి వరసగా తప్పులే. సార్ ప్రతిదాని పక్కనా ఎర్ర ఇంటూ పెట్టి, కింద సున్నా వేసి వదిలేశారు. నేను ఇంటూలను పక్కన పెట్టి, పిల్లలు ఏ అంకె రాశారో చూస్తూ పోయాను. ఒక పాప 63−27 కి 44, 82−49 కి 47, 70−34 కి 44 రాసింది. అది తోచింది రాయడం కాదు. ఆ పాపకు ఒక పద్ధతి ఉంది: ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలి, పైన ఏది ఉంది, కింద ఏది ఉంది అనేది చూడక్కర్లేదు. 3 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 3 తీసింది. ఆ పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించింది.

ఇంకో పిల్లవాడు అవే లెక్కలకు 46, 43, 46 రాశాడు. వాడి తప్పు వేరు. వాడు అప్పు తెచ్చుకున్నాడు, 13 లోంచి 7 తీసి 6 రాశాడు. కానీ ఇచ్చిన పదుల స్థానంలో ఒకటి తగ్గించడం మరిచిపోయి 6 లోంచి 2 తీసి 4 వేశాడు. వీడికి సగం దారి తెలుసు. ఆ పాపకు దారి ఉందనే తెలియదు. మార్కుల పట్టికలో మాత్రం ఇద్దరికీ అప్పు లెక్కల్లో సున్నాయే.

ప్రశ్నపత్రం గురించి ఒక మాట చెప్పాలి. ఆరు అప్పు లెక్కల్లో మూడు నాకు ఎందుకూ పనికిరాలేదు. 52−37 చూడండి. మొదటి పద్ధతిలో చేసినా 25 వస్తుంది, రెండో పద్ధతిలో చేసినా 25 వస్తుంది. 81−46 కూడా అంతే, ఎటు చేసినా 45. ఒకట్ల స్థానంలో కింది అంకె పై అంకె కన్నా సరిగ్గా 5 ఎక్కువైనప్పుడు రెండు రకాల తప్పులూ ఒకే జవాబు ఇస్తాయి. అలాంటి లెక్కతో పిల్లవాడికి రాదని తెలుస్తుంది గానీ ఏది రాలేదో తెలియదు. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది. కానీ ముందు పరీక్ష పెట్టేదే జబ్బేమిటో తెలుసుకోవడానికి. మిగిలిన మూడు లెక్కలతో లెక్కగడితే 22 మందిలో 13 మంది మొదటి రకం, నలుగురు రెండో రకం. ముగ్గురికి అప్పు లెక్కలు దాదాపు వచ్చు. ఇద్దరివి ఏ పద్ధతికీ అందలేదు.

అంటే సమస్య రిపోర్టులో లేకపోయినా, రిపోర్టుకు కుట్టిన కాగితాల్లో స్పష్టంగా ఉంది. అది రాసి ఉంటే శీర్షిక కూడా దానంతట అదే చిన్నదయ్యేది.

తర్వాతిది చేసిన పని. రిపోర్టులో దీనికి ఒక్క పేరానే ఉంది. "తగిన బోధనోపకరణాలు ఉపయోగించి, కృత్యాధార పద్ధతిలో, ఆటపాటల ద్వారా ఆరు వారాలు బోధించడం జరిగింది." ఈ వాక్యాన్ని ఏ రిపోర్టులో పెట్టినా అతుక్కుంటుంది. తెలుగు వాచకం మీద రాసిన రిపోర్టులోనూ, పరిసరాల విజ్ఞానం మీద రాసిన దానిలోనూ నేను దాదాపు ఇదే చదివాను. నేను ఈ భాగంలో చూసేది ఒక్కటే: ఈ పేరా చదివి పక్క ఊరి టీచర్ సోమవారం పొద్దున అదే పని మొదలుపెట్టగలరా? ఏ వస్తువు, రోజుకు ఎంతసేపు, ఎవరు ఎవరితో కూర్చున్నారు, పిల్లల చేతులు ఏం చేశాయి. ఇవి తెలియకపోతే మార్పు వచ్చినా ఏ పని వల్ల వచ్చిందో చెప్పలేం.

పట్టిక ప్రకారం చూస్తే ఇక్కడ మూడో నాలుగో వేసి వదిలేయాలి. కానీ రిపోర్టు రాసినవాళ్లు వచ్చి మాట్లాడే రోజు ఒకటి ఉంది. ఆ రోజు సార్ వచ్చారు. ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో. చేతిలో ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది.

"సార్, ఆటపాటలు అని రాశారు. ఏ ఆట?" అని అడిగా.

ఆయన కాస్త మొహమాటపడి, "ఆట ఏం లేదు మేడమ్. మోడల్ రిపోర్టులో అట్లే ఉంటే రాసినా. నేను చేసింది పుల్లల కట్టలు" అన్నారు.

అక్కడి నుంచి ఆయన చెబుతుంటే హెడ్‌మాస్టర్ గారు కూడా కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగారు. చీపురు పుల్లలు సమంగా విరిచి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టించారట. నేల మీద సుద్దముక్కతో రెండు గళ్లు, ఎడమ గడిలో కట్టలు, కుడి గడిలో విడి పుల్లలు. 63 అంటే ఆరు కట్టలు, మూడు పుల్లలు. 27 తీసి నాకు ఇవ్వు అంటారు. ఏడు పుల్లలు ఇవ్వాలి, మూడే ఉన్నాయి. అప్పుడు పిల్లవాడే ఒక కట్ట రబ్బరు బ్యాండు విప్పి, ఆ పది పుల్లలను కుడి గడిలోకి నెట్టాలి. ఎడమ గడిలో ఐదే కట్టలు మిగిలాయని నోటితో చెప్పాలి. మొదట పుల్లలతోనే, తర్వాత గీతలూ చుక్కలూ గీసి, ఆ తర్వాతే అంకెలతో. రోజూ లెక్కల పీరియడ్‌లో మొదటి అరగంట, ఇద్దరిద్దరు జంటగా.

ఇదంతా నోట్‌బుక్‌లో తేదీలతో సహా ఉంది. ఏ రోజు ఎవరు ఎక్కడ ఆగిపోయారో ఒకటి రెండు లైన్లు రాసుకున్నారు. రిపోర్టులో ఒక్క ముక్క లేదు. "ఇది ఎందుకు పెట్టలేదు సార్?" అంటే, "ఇది నా కోసం రాసుకున్నది మేడమ్, రిపోర్టు భాష కాదు కదా" అన్నారు. నాకు నిజంగా బాధేసింది. టీచర్ తన తరగతిలో తనే చూసి రాసుకున్నదే యాక్షన్ రీసెర్చ్‌కు ప్రాణం. అమెరికాలో స్టీఫెన్ కోరీ 1953లో బడుల్లో ఈ పద్ధతి గురించి పుస్తకం రాసినప్పుడు చెప్పింది కూడా ఇదే, తరగతి గది సమస్యను తరగతిలో ఉన్నవాళ్లే పరిశోధించుకోవాలని. ఆ నోట్‌బుక్ బయట ఉండిపోయి, ఎవరిదో అరువు భాష లోపలికి వచ్చింది.

ఇక ఆధారం. రిపోర్టులోని బార్ గ్రాఫ్ చాలా అందంగా ఉంది. ముందు పరీక్ష సగటు పదికి 3.5, చివరి పరీక్ష సగటు 7. రెట్టింపు. కింద "పరికల్పన నిరూపించబడినది" అని బోల్డ్‌లో.

ముందు పరీక్ష రాసింది 22 మందని చెప్పాను. చివరి పరీక్ష పట్టికలో పేర్లు లెక్కపెడితే 15. ఏడుగురు లేరు.

"ఈ ఏడుగురు ఏమయ్యారు సార్?"

"సుగ్గికి పోయినారు మేడమ్."

మా జిల్లా పడమటి మండలాల సంగతి తెలిసినవాళ్లకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. వానలు లేని ఈ ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలు పత్తి తీతకో, గుంటూరు వైపు మిరపకాయల కోతకో వెళతాయి. ముసలివాళ్లు ఇంటి దగ్గర ఉంటే పిల్లలు ఆగుతారు, లేదంటే వాళ్లూ బండి ఎక్కుతారు. సార్ దీపావళి దాటాక ముందు పరీక్ష పెట్టి, సంక్రాంతి సెలవుల తర్వాత చివరి పరీక్ష పెట్టారు. సరిగ్గా ఊరు ఖాళీ అయ్యే రోజులు.

వెళ్లిన ఏడుగురి ముందు పరీక్ష మార్కులు తీశాను. ఏడుగురికీ కలిపి ఏడు మార్కులు. ఏటా సగం చదువు ఊరి బయట పోయే పిల్లలు కాబట్టి అట్టడుగున ఉన్నది వాళ్లే. వాళ్లను పక్కన పెట్టి, రెండు పరీక్షలూ రాసిన 15 మందికే ముందు పరీక్ష సగటు కడితే 3.5 కాదు, దాదాపు 4.7 వచ్చింది. అంటే అసలు పెరుగుదల మూడున్నర మార్కులు కాదు, రెండుంపావు పైన కొంచెం. గ్రాఫ్‌లో కనిపించే పెరుగుదలలో మూడో వంతు ఎవరూ ఏమీ నేర్చుకోకుండానే వచ్చింది, వెనకబడినవాళ్లు ఊరు విడిచి వెళ్లడం వల్ల వచ్చింది.

సార్ మోసం చేయాలని చేసింది కాదు ఇది. పట్టికలో ఉన్నవాళ్లందరి సగటూ కట్టమంటే కట్టారు. అందుకే నేను ఏ రిపోర్టులోనైనా సగటు కన్నా ముందు రెండు పట్టికల్లో పేర్ల సంఖ్య సరిపోయిందా అని చూస్తాను. మా ప్రాంతంలో ఇది తప్పనిసరి. పిల్లల పేర్లకు బదులు ఎస్1, ఎస్2 అని నంబర్లు వేసి, ఒకే పట్టికలో ఒకే వరసలో ముందు మార్కు, చివరి మార్కు పక్కపక్కన రాస్తే ఖాళీ గడులు వాటంతటవే కనబడతాయి. పేర్లు రాయకపోవడం పిల్లల గౌరవానికి కూడా మంచిది. పలానా వాడికి సున్నా అని అచ్చులో ఉండనక్కర్లేదు.

ఇక్కడే హెడ్‌మాస్టర్ గారికీ నాకూ కాస్త వాదన జరిగింది. ఆయన లెక్కలు బాగా తెలిసినవారు, పాతకాలం ఎంఈడీ. "పక్కన ఇంకో తరగతిని కంట్రోల్ గ్రూపుగా పెట్టి ఉండాల్సింది, టీ టెస్ట్ వేసి ఉండాల్సింది. అవి లేకుండా మార్పు అని ఎలా అంటాం?" అన్నారు. ఆ ఊళ్లో నాలుగో తరగతి ఒక్కటే సెక్షన్ అన్నాను. రెండు ఉన్నా సరే, పుల్లల కట్టలు పనికొస్తాయని నమ్మే టీచర్ సగంమంది పిల్లలకు వాటిని ఇవ్వకుండా ఎందుకు ఆపాలి? ఆయన చెప్పవలసింది దేశంలో పిల్లలందరికీ పుల్లలు పనిచేస్తాయా అని కాదు, ఈ గదిలో ఏం జరిగింది అని. పదిహేను మందికి టీ టెస్ట్ వేస్తే ఆ తేడా యాదృచ్ఛికమా కాదా అని చెప్పే ఒక సంఖ్య వస్తుంది, ఏ పిల్లవాడు ఎక్కడ ఆగాడో రాదు. అయితే ఆయన ప్రశ్నలో పట్టించుకోవలసింది ఒకటి ఉంది. ఆ ఆరు వారాల్లో మార్పుకు వేరే కారణం ఇంకేదైనా ఉందా? ట్యూషన్, వాలంటీర్లు, సాయంత్రం ప్రత్యేక తరగతులు? దీనికి కంట్రోల్ గ్రూపు అక్కర్లేదు, టీచర్‌ను అడిగితే చాలు. అడిగాం. ట్యూషన్ లేదు, కానీ ఇద్దరు పిల్లలకు హైస్కూల్ చదివే అక్కలు ఇంట్లో లెక్కలు చేయించారని సార్ చెప్పారు. అది కూడా రాయమన్నాం. హెడ్‌మాస్టర్ గారు దానికి ఒప్పుకున్నారు.

కంట్రోల్ గ్రూపు కన్నా నాకు కావలసిన ఆధారం ఇంకొకటి ఉంది. మార్పును సమస్య ఎక్కడ ఉందో అక్కడే కొలవాలి. పది లెక్కల మొత్తం మార్కులో నాలుగు మామూలు తీసివేతలు కలిసిపోయాయి. అవి పిల్లలకు ముందే వచ్చు. అందుకని ఆ 15 మందివీ అప్పు లెక్కలు మాత్రమే తీసి లెక్కపెట్టాం, నేనూ సారూ ఎదురెదురుగా కూర్చుని. ముందు పరీక్షలో 90 లెక్కలకు 16 ఒప్పు. చివరి పరీక్షలో 90కి 48. మూడు రెట్లు. సగటులో కొంత గాలి తీసేసిన మేమే, ఇక్కడ గ్రాఫ్ చెప్పిన దానికన్నా గట్టి ఆధారం చూశాం. సార్ ముఖం అప్పుడు కాస్త తేటపడింది.

తర్వాత పిల్లవాడు పిల్లవాడుగా చూశాం. ఆరుగురు అప్పు లెక్కలు దాదాపు అన్నీ ఒప్పు చేశారు. వాళ్లలో ముగ్గురికి ముందే వచ్చు, కాబట్టి వాళ్లను లెక్కలోకి తీసుకోలేం. కొత్తగా వచ్చింది ముగ్గురికి. ఐదుగురికి సగం సగం. నలుగురిలో కదలికే లేదు.

కొత్తగా నేర్చుకున్న ముగ్గురి ముందు పరీక్ష కాగితాలు పక్కన పెట్టి చూస్తే ముగ్గురివీ 46, 43, 46 బాపతే. అంటే అప్పు తెచ్చుకుని, పదుల్లో తగ్గించడం మరిచిపోయే రెండో రకం. కదలిక లేని నలుగురూ మొదటి రకం, చిన్నది పెద్దదాంట్లోంచి తీసేసేవాళ్లు. ఇది ఎందుకో కాసేపు ఆలోచిస్తే తెలుస్తుంది. కట్ట విప్పితే ఎడమ గడిలో ఒక కట్ట తగ్గిపోవడం కళ్లకు కనబడుతుంది, కాబట్టి తగ్గించడం మరిచిపోయే పిల్లవాడికి పుల్లలు సరిగ్గా వాడి జబ్బుకే మందు. కానీ మొదటి రకం పాప దృష్టిలో 63−27 అనేది ఒక లెక్క కాదు, పక్కపక్కన రెండు లెక్కలు. పుల్లల దగ్గర ఏడు ఇవ్వమంటే కట్ట విప్పుతుంది, ఎందుకంటే అక్కడ ఎదురుగా మనిషి చెయ్యి చాపి ఉన్నాడు. కాగితం మీద ఎవరూ చెయ్యి చాపరు, పాత పద్ధతి ఉండనే ఉంది.

రిపోర్టు మొత్తానికి నాకు విలువైనదిగా కనిపించింది ఇదే. పుల్లల కట్టలు ఈ తరగతిలో ఒక రకం తప్పును బాగా సరిచేశాయి, ఇంకో రకాన్ని పెద్దగా తాకలేదు. ఈ ముక్క తెలిస్తే పక్క ఊరి టీచర్‌కు ఎంతో మేలు. సగటు 3.5 నుంచి 7 అయింది అంటే ఏ మేలూ లేదు.

ఇక చివరి అంశం, వెనక్కి తిరిగి చూసుకోవడం. రిపోర్టులో ఈ భాగం కింద, "ఈ పరిశోధన ద్వారా విద్యార్థులలో ఆత్మవిశ్వాసం పెరిగినది, గణితంపై ఆసక్తి కలిగినది, నాకు ఎంతో సంతృప్తి కలిగినది" అని ఉంది. అది సంతోషం చెప్పుకోవడం, పరిశీలన కాదు. నేను సార్‌ను నోట్‌బుక్ ఒకసారి ఇవ్వమన్నాను. రెండో వారంలో ఒక చోట ఇలా ఉంది: "పుల్లలతో కరెక్ట్. నోట్సులో మళ్లీ అదే. పుల్లలు తీసేస్తే ఏమీ లేదు. నేను తొందరపడి అంకెల్లోకి పోయినానా?" ఇంకో చోట: "వీడు ఇరవై ఐదు అంటే 205 రాస్తున్నాడు. వీడికి తీసివేత కాదు, ముందు స్థానవిలువ."

ఇంతకన్నా మంచి పరిశీలన ఆ కట్ట మొత్తంలో నేను చదవలేదు.

"ఇవి పెడితే మార్కులు పోతాయని చెప్పినారు మేడమ్. ఫెయిలైనట్టు కనబడకూడదు, అన్ని లక్ష్యాలూ నెరవేరినట్టే రాయమన్నారు" అన్నారాయన. ఎవరు చెప్పారని నేను అడగలేదు. ఆ సలహా ఎంత మామూలుగా నోటి నుంచి నోటికి తిరుగుతుందో నాకు తెలుసు. వందకు వంద నెరవేరిన రిపోర్టులు వరసగా వచ్చేది అందుకే. అలాంటి రిపోర్టు నా ముందుకు వస్తే నేను మొట్టమొదట వెతికేది మారని పిల్లవాణ్ణి. ఇరవై మంది ఉన్న తరగతిలో ఆరు వారాల్లో అందరూ మారరు. మారని పిల్లవాడు రిపోర్టులో లేడంటే టీచర్ వాణ్ణి చూడలేదు, లేదా చూసి దాచారు.

అయితే పరిశీలన పేరుతో తనను తాను తిట్టుకున్నవీ చదివాను. "నాలో లోపాలు ఎన్నో ఉన్నాయి, ఇంకా మెరుగుపడాలి" అని. అదీ ఖాళీ మాటే. పరిశీలన నిజాయితీగా ఉందా అనేది నాకు ఒక గుర్తుతో తెలుస్తుంది: ఏ పిల్లలకు ఏది పనిచేయలేదో చెప్పి, దాన్నిబట్టి వచ్చేసారి ఏం మార్చుతారో రాశారా లేదా. యాక్షన్ రీసెర్చ్ ఒక చుట్టుతో అయిపోయేది కాదు. ప్రణాళిక, పని, పరిశీలన, పునరాలోచన, మళ్లీ ప్రణాళిక. పునరాలోచనలో రాసింది తర్వాతి ప్రణాళికను మార్చకపోతే అది అలంకారమే.

సార్‌ను నేను అడిగింది కూడా అదే. ఆ నలుగురికి ఇంకోసారి చేస్తే ఏం మార్చుతారు? ఆయన వెంటనే జవాబివ్వలేదు. కాసేపాగి, "ఆ పాప వాళ్ల అవ్వతో సంతకు పోతుంది మేడమ్. యాభై రెండు రూపాయలుంటే ముప్పై ఏడు రూపాయల సామాను తీసుకుంటే చిల్లరెంత అంటే నోటితో పదిహేను అని చెప్తుంది. కాగితం మీద ఇరవై ఐదు రాస్తుంది" అన్నారు. హెడ్‌మాస్టర్ గారు బల్ల మీద తట్టి, "ఇంకేం కావాలయ్యా, అక్కడి నుంచే మొదలుపెట్టు. తను రాసిన ఇరవై ఐదుకు ముప్పై ఏడు కలిపి చూడమను, అరవై రెండు వస్తుంది. నీ దగ్గరుంది యాభై రెండే కదా అని అడుగు" అన్నారు. జవాబును కూడి సరిచూసుకోవడం అలవాటైతే తన పద్ధతి తప్పని ఆ పాపకు తన లెక్కే చెబుతుంది. 205 రాసే పిల్లవాడికీ, వాడిలాంటి ఇంకొకరికీ తీసివేత పక్కన పెట్టి, కట్టలతో సంఖ్యలు చెప్పడం, రాయడం ముందు చేయించాలని ముగ్గురం అనుకున్నాం.

మొదట వచ్చిన రూపంలో ఆ రిపోర్టుకు నేను వేసుకున్న మార్కులు 40కి 17. సమస్యకు 4, పనికి 3, ఆధారానికి 7, పరిశీలనకు 3. ఆధారానికి ఏడు ఎందుకంటే, సగటు తప్పుదారి పట్టించినా, దాన్ని సరిచేసుకోవడానికి కావలసిన కాగితాలన్నీ ఆయన దాచకుండా పెట్టారు. సరిదిద్ది తిరిగి ఇచ్చే అవకాశం నియమాల్లో ఉంది కాబట్టి ఇచ్చి చూశాం. ఏం చేర్చమన్నామో ఒక కాగితం మీద రాసి ఇచ్చాను: రెండు రకాల తప్పులు విడగొట్టిన పట్టిక, పుల్లల పని ఒక పేజీలో వివరంగా, 15 మందికే ముందు-తర్వాత మార్కులు, వెళ్లిన ఏడుగురి గురించి ఒక పేరా, నోట్‌బుక్‌లోంచి ఐదారు చోట్ల ఉన్నది ఉన్నట్టు. కృతజ్ఞతలు, ముందుమాట తీసేసినా ఫర్వాలేదన్నాను.

తిరిగి వచ్చిన రిపోర్టు సగానికి సగం సన్నబడింది. శీర్షిక: "4వ తరగతిలో అప్పు తెచ్చుకునే తీసివేతలు – పుల్లల కట్టలతో ఏది మారింది, ఏది మారలేదు." గ్రాఫ్ లేదు, దాని చోట పట్టిక ఉంది. దానికి 40కి 33 వేశాం. హెడ్‌మాస్టర్ గారు ఆధారం దగ్గర ఒక మార్కు తగ్గించారు. చివరి పరీక్ష పెట్టిన రెండు మూడు వారాల తర్వాత మళ్లీ ఒకసారి పరీక్ష పెట్టి, నేర్చుకున్నది నిలిచిందో లేదో చూడలేదని. ఆ మాట న్యాయమే, నేను ఒప్పుకున్నాను.

రెండో విడత జూన్‌లో బడులు తెరవగానే మొదలుపెడతానని సార్ అన్నారు. అప్పటికి సుగ్గికి వెళ్లినవాళ్లు ఊళ్లోనే ఉంటారు, దీపావళి దాకా తరగతి మధ్యలో ఖాళీ కాదు. ఈ పిల్లలు ఐదో తరగతికి వస్తారు, ఆ తరగతీ ఆయనదే. ముందు పరీక్షకు కొత్త ప్రశ్నపత్రం ఇద్దరం కలిసి తయారుచేశాం. అందులో ఎనిమిది అప్పు లెక్కలున్నాయి. ఒకట్ల స్థానంలో తేడా 5 వచ్చే లెక్క ఒక్కటీ లేదు.